పచ్చ ఉంగరం కొనేముందు రాయిని అడ్డంగా తిప్పి చూడండి

పచ్చ ఉంగరం కొన్న కొన్నాళ్లకే రాయి మసకబారి, లోపల తెల్లటి గీతలు తేలితే గుండె గుభేలుమంటుంది. రాయి నకిలీ కానక్కర్లేదు, నూనె ఆరిపోయి ఉండొచ్చు. పచ్చల్లో సన్నటి పగుళ్లు మామూలే. అవి కనపడకుండా సెడార్ నూనె లాంటిది పట్టించడం వ్యాపారంలో పాత పద్ధతే.

పత్తర్‌గట్టీలో కొన్నా, బషీర్‌బాగ్‌లో కొన్నా, ఉంగరంలో పొదగకముందే రాయిని విడిగా చూపించమనండి. పదిరెట్ల భూతద్దం కింద పెట్టి, దీపం వెలుగు రాయి పైతలం మీద అద్దంలా మెరిసేవరకు మెల్లగా వంచండి. ఆ మెరుపును సన్నటి గీత కోస్తే పగులు పైదాకా వచ్చినట్టే, నూనె చేరేదీ ఆరేదీ అక్కడే. మెరుపు చెదరకుండా లోపల మాత్రమే నాచులా కనిపించేవాటితో అంత టెన్షన్ లేదు. గీత మూలల దగ్గరో అంచు దగ్గరో ఉంటే మాత్రం రోజూ పెట్టుకునే ఉంగరానికి ఆ రాయి వద్దనే అంటాను. బిందె అంచు తగిలినా అక్కడ పెచ్చు లేవొచ్చు. చుట్టూ బంగారు అంచు కట్టించుకుంటే కొంత నయం.

కడగడానికి గోరువెచ్చని నీళ్లు, మెత్తటి గుడ్డ చాలు. షాపులో అల్ట్రాసోనిక్ మెషీన్‌లోగానీ ఆవిరిలోగానీ పెట్టనివ్వకండి.

ఈ పరీక్షతో పగులు తెలుస్తుందిగానీ, రాయి గనిదా ల్యాబ్‌లో చేసిందా, నింపింది నూనా రెజినా అన్నది తెలియదు. ఖరీదైన రాయైతే ల్యాబ్ రిపోర్టు అడగాల్సిందే.