కాంటొనీస్ నేర్చుకుందాం – 3వ పాఠం: ఆరు అంకెల్లో ఆరు టోన్లు

గత పాఠంలో చెప్పుకున్నది ఒకసారి గుర్తు తెచ్చుకోండి. కాంటొనీస్‌లో క, ఖ రెండూ వేరు, త, థ వేరు, ప, ఫ వేరు. మనకు ఇది పుట్టుకతో వచ్చిన విద్య కాబట్టి అక్కడ పెద్దగా చెమట పట్టలేదు. ఈసారి పడుతుంది, ఎందుకంటే ఇది టోన్ల పాఠం: మాట పలికే గొంతు ఎత్తు మారితే అర్థమే మారిపోతుంది.

ముందు ఒక నంబరు బట్టీ పట్టండి: 394052. ఈ ఆరంకెలను కాంటొనీస్‌లో వరసగా చదివితే ఒకటో టోన్ నుంచి ఆరో టోన్ దాకా అన్నీ వచ్చేస్తాయి. మూడు సామ్1, తొమ్మిది కవ్2, నాలుగు సెయ్3, సున్నా లింగ్4, ఐదు ఙ్5, రెండు యీ6. మాట చివర ఉన్న అంకె టోన్ నంబరు. హాంకాంగ్ భాషాశాస్త్ర సంఘం 1993లో తెచ్చిన జ్యుత్‌పింగ్ పద్ధతిలో ఇలాగే రాస్తారు. డిక్షనరీలో వెతకాలంటే `sei3` అని టైప్ చేయాలి.

ఐదుకి మాట ఏదో చూశారా? ఒట్టి ఙ. చిన్నప్పుడు పలక మీద దిద్ది, ఆ తర్వాత ఎప్పుడూ విడిగా వాడని అక్షరం. ఇక్కడ అదొక్కటే పూర్తి మాట.

ఇప్పుడు గొంతు సంగతి. సెయ్3తో మొదలుపెట్టండి. మీరు మామూలుగా, ఏ భావమూ లేకుండా "ఊఁ" అనే ఎత్తులో అనండి. ఎటూ కదలకూడదు. అది మీ మధ్యగీత. సామ్1 దానికన్నా బాగా పైన, అక్కడే నిలిచి ఉంటుంది. యీ6 మధ్యగీతకు కాస్త కింద, అదీ నిలకడే. కదలనివి ఈ మూడే. 1కీ 3కీ మధ్య దూరం ఎక్కువ, 3కీ 6కీ మధ్య తక్కువ. కొత్తవాళ్లు 3నీ 6నీ ఒకటిగా వినడానికి కారణం ఇదే.

కదిలేవి మూడు. లింగ్4 కిందనే మొదలై ఇంకా కిందికి జారుతుంది. సరిగ్గా పలికితే చివర గొంతు కొంచెం గరగరలాడుతుంది, పొద్దున్నే నిద్రలేచిన గొంతులా. కవ్2, ఙ్5 రెండూ కింద మొదలై పైకి లేస్తాయి. తేడా అల్లా ఎక్కడ ఆగాలన్నదే. 2 పైకప్పు దాకా పోతుంది. 5 మధ్యగీత దగ్గరే ఆగిపోతుంది.

ఇప్పుడు ఒకే ధ్వని మీద ఆరూ చూడండి. సీ1 కవిత, సీ2 చరిత్ర, సీ3 ప్రయత్నించడం, సీ4 కాలం, సీ5 నగరం, సీ6 విషయం. పాఠ్యపుస్తకాలన్నీ ఈ వరసే ఇస్తాయి, బజార్లో మాత్రం దీంతో పని తక్కువ. పని పడేది మాయ్5, మాయ్6 జంటతో. మాయ్5 అంటే కొనడం, మాయ్6 అంటే అమ్మడం. రెండూ దాదాపు ఒకే చోట మొదలవుతాయి. 5 కాస్త లేస్తుంది, 6 లేవదు. అంతే. ఈ రెంటినీ కలిపి మాయ్5 మాయ్6 అంటే వ్యాపారం, మన క్రయవిక్రయాల్లాగే. రోజుకు ఇరవైసార్లు అనడానికి ఇంతకన్నా మంచి మాట నాకు దొరకలేదు. ఇంకొకటి: థోంగ్1 సూప్, థోంగ్4 పంచదార. అదే మాటను థోంగ్2 అంటే పిప్పరమెంటు బిళ్ల. ఇది పొరపాటు కాదు, కొన్ని మాటలు వాడుకలో ఇలా 2కి మారతాయి. దాని గురించి తర్వాత ఒక పాఠం ఉంది.

తెలుగువాళ్లు తప్పకుండా పడే గొయ్యి ఒకటుంది, నేనూ పడ్డాను. హాంకాంగ్ కూరగాయల బజార్లో ఒకావిడ సెయ్3 అంది. నాలుగా అని ఖాయం చేసుకుందామని, మన అలవాటు కొద్దీ చివర గొంతు లేపి "సెయ్?" అన్నాను. అది సెయ్2 అయింది. సెయ్2 అంటే చావు. అక్కడ కొన్ని భవనాల్లో నాలుగో అంతస్తు నంబరే వేయరు, ఈ రెండు మాటల పోలిక వల్లనే. ఆవిడ నవ్వేసింది కాబట్టి సరిపోయింది. అలాగే క్వయ్3 అంటే ఖరీదెక్కువ. "ఖరీదా?" అని గొంతు లేపితే క్వయ్2, అంటే దెయ్యం. కాంటొనీస్ వాళ్లూ ఆశ్చర్యంగా తిరిగి అడిగేటప్పుడు చివర లేపుతారు, కాకపోతే ఎక్కువగా మాట చివర ఒక చిన్న ముక్క తగిలిస్తారు. "క్వయ్3 ఆ4?" అనండి. ప్రశ్న ఆ4లో ఉంటుంది, క్వయ్3 కదలకుండా కూర్చుంటుంది. మన "-ఆ" ప్రత్యయం లాంటిదే అనుకోండి, కాకపోతే గొంతు లేవకుండా దిగుతుంది.

ఇక మాండరిన్ వచ్చినవాళ్ల సంగతి. చైనాలో ఎంబీబీఎస్ చదివి వచ్చినవాళ్లు ఈ పాఠం తేలికనుకుంటారు. అసలు చిక్కు వాళ్లకే. అక్కడా ఇక్కడా టోన్లకు నంబర్లున్నాయి కానీ ఒకటో నంబరు తప్ప ఏదీ సరిగ్గా కలవదు. మాండరిన్ 2 పైకి లేచేది, వినడానికి కాంటొనీస్ 2కి దగ్గర. మాండరిన్ 3 వాక్యం మధ్యలో కిందే ఉండిపోతుంది కాబట్టి కాంటొనీస్ 4లా వినబడుతుంది. మాండరిన్ 4 పైనుంచి ధబాలున పడేది, అలాంటిది కాంటొనీస్‌లో వేరే టోన్‌గా లేదు. అన్నాన్ని మాండరిన్‌లో ఫాన్ అంటారు, నాలుగో టోన్‌తో. కాంటొనీస్‌లో ఫాన్6. పాత అలవాటుతో పైనుంచి పడేస్తే అది ఫాన్1కి దగ్గరగా పోతుంది, ఎందుకంటే కొందరు పెద్దవాళ్లు 1ని కాస్త దింపుతూ పలుకుతారు. ఫాన్1 అంటే తిరిగి వెళ్లడం.

రాగం వదిలేసి మాటల్ని జతపరిస్తే మాత్రం మాండరిన్ బాగా అక్కరకొస్తుంది. మళ్లీ మన ఆరంకెలే చూడండి. మాండరిన్‌లో మూడుది 1వ టోన్, ఇక్కడా 1. సున్నా అక్కడ 2, ఇక్కడ 4. తొమ్మిది, ఐదు రెండూ అక్కడ 3. ఇక్కడ తొమ్మిది 2కి, ఐదు 5కి పోయాయి. నాలుగు, రెండు అక్కడ 4. ఇక్కడ 3, 6 అయ్యాయి. అంటే మాండరిన్ 3 రెండుగా చీలింది, 4 కూడా చీలింది. మాండరిన్ 3లో మ, న, లతో మొదలయ్యే మాటలు ఎక్కువగా 5కే వస్తాయి, కొనడమనే మాయ్5 అలాంటిదే. 4 ఎటు పోతుందో చెప్పడం అంత సులువు కాదు, గుర్తుపెట్టుకోవడమే. ప్, త్, క్‌లతో ముగిసే మాటలకు ఈ లెక్క పనికిరాదు. ఎనిమిది మాండరిన్‌లో 1, కాంటొనీస్‌లో పాత్3.

ఈ వారం అభ్యాసం ఇలా చేయండి. మాట లేకుండా నోరు మూసుకుని 394052ను కూనిరాగంగా తీయండి. ఫోన్‌లో రికార్డు చేసుకుని, వినేటప్పుడు 0 అంకె దగ్గర, 2 అంకె దగ్గర ఆగండి. రెండూ కిందే ఉంటాయి కానీ 0 జారాలి, 2 నిలవాలి. చెవి మీద నమ్మకం లేకపోతే Praat అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఆ రికార్డు తెరవండి, గొంతు ఎత్తు గీతగా కనబడుతుంది. నా గీతలో 2 అంకె కూడా జారుతూ కనబడింది, మూడు వారాల పాటు. 2, 5 టోన్లు కలిసిపోతున్నాయని టెన్షన్ పడకండి. హాంకాంగ్‌లో పుట్టి పెరిగిన కొందరికీ ఈ రెండూ కలిసిపోతున్నాయి. 1, 3, 4 టోన్లు మాత్రం అటూఇటూ కాకుండా చూసుకోండి.

వచ్చే పాఠానికి ఏడు, ఎనిమిది, ఆరు మిగిలాయి: ఛత్1, పాత్3, లుక్6. ఈ మూడూ చివర చటుక్కున తెగిపోయే మాటలు. ఆరు టోన్లను పాతకాలం వాళ్లు తొమ్మిదని ఎందుకు లెక్కపెట్టారో వీటితోనే తెలుస్తుంది.