దూరాన ఉన్న నాన్నకు చొక్కా కొనడం ఎలా? ఫోన్‌లోనే ఆది తీసుకునే పద్ధతి

అమ్మానాన్నలు తెనాలిలో ఉంటారు, నేను ఉద్యోగం కోసం చెన్నైలో, వేళచ్చేరిలో ఉంటున్నాను. ఒక సంక్రాంతికి నాన్నకు చొక్కా పంపాలనిపించి అమ్మకు ఫోన్ చేసి సైజెంత అని అడిగాను. "నలభై అనుకుంటానే" అంది. నలభై అని రాసి ఉన్న చొక్కా కొని పంపాను. పొట్ట దగ్గర గుండీలు లాగేసి, రెండు గుండీల మధ్య సందులోంచి బనియను కనిపించింది. నాన్న ఒక్క మాట కూడా అనలేదు. పండగనాడు ఒక పూట వేసుకుని, మడిచి బీరువాలో పెట్టేశారు.

అడగాల్సిన ప్రశ్న అది కాదని తర్వాత అర్థమైంది. నాన్న చొక్కాలన్నీ టైలర్ కుట్టినవే, వాటి మీద సైజు అంకె ఉండదు. అమ్మ చెప్పిన నలభై ఎప్పుడో టైలర్ ఒంటి మీద తీసిన ఛాతీ కొలత, అంగుళాల్లో. నేను కొన్న ఫార్మల్ చొక్కా మీది 40 మాత్రం కాలర్ చుట్టుకొలత, సెంటీమీటర్లలో. చాలా కంపెనీల ఫార్మల్ చొక్కాల మీద 39, 40, 42 అని ఉండేది ఇదే. కాలర్ ఒకటే అయినా స్లిమ్ ఫిట్‌లో పొట్ట దగ్గర ఒకలా, రెగ్యులర్ ఫిట్‌లో ఇంకోలా ఉంటుంది. నేను తీసుకున్నది స్లిమ్ ఫిట్.

మన ఊళ్లో టైలర్లు ఈ చిక్కును ఎప్పుడో తీర్చేశారు. జాకెట్ కుట్టించుకోవడానికి వెళితే "ఆది తెచ్చారా?" అంటారు. బాగా కుదిరిన పాత జాకెట్ ఇస్తే దాన్ని చూసి కొత్తది కుడతారు. దూరాన ఉన్నవాళ్లకు కొనేటప్పుడూ అదే చేయాలి. చొక్కాను మన దగ్గరికి తెప్పించుకోలేం కాబట్టి దాని కొలతలు తెప్పించుకుంటాం. ఒంటి కొలతలు అడిగితే వదులు ఎంత ఉంచాలో మనమే ఊహించాలి. ఇష్టంగా వేసుకునే చొక్కాలో ఆ వదులు ముందే ఉంటుంది. మా నాన్న ఛాతీ 40 అంగుళాలు, ఆయనకు ఇష్టమైన చొక్కా చుట్టుకొలత 45. ఆ ఐదు అంగుళాల గాలి ఆయనకు కావాలి. ఆ సంగతి ఒంటి కొలతలో తెలియదు.

ఏ చొక్కాను ఆదిగా తీసుకోవాలి

నాన్ననే అడిగితే "ఇప్పుడు నాకెందుకమ్మా, ఉన్నవి చాలు" అంటారు. అందుకని అమ్మనే అడిగాను. ఏ చొక్కా బాగుంటుందని అడగలేదు, ఉతికి ఆరేసిన వాటిలో నాన్న చెయ్యి ముందు దేని మీదికి వెళుతుందని అడిగాను. "ఆ లేత నీలం హాఫ్ హ్యాండ్స్ చొక్కానే, ఆరీ ఆరకముందే తొడుక్కుంటారు" అంది. అదే మన ఆది.

ఇక్కడ రెండు విషయాలు చూసుకోవాలి. ఒకటి, ఆ చొక్కా ఇప్పటికీ సరిపోతోందా అని. కుట్టించిన తర్వాత ఒళ్లు వచ్చి, అలవాటు కొద్దీ బిగుతుగానే వేసుకుంటూ ఉండొచ్చు. గుండీ దగ్గర నుంచి అడ్డంగా ముడతలు పడుతున్నాయంటే అది బిగుతైందన్నమాట. రెండు, మీరు కొనబోయేది కూడా అలాంటి బట్టే అయి ఉండాలి. టీషర్టు బట్ట సాగుతుంది కాబట్టి దాని కొలతతో కాటన్ చొక్కా కొంటే ఇరుకైపోతుంది. చొక్కాకు చొక్కానే ఆది, కుర్తాకు కుర్తానే.

కొలిపించడం

వీడియో కాల్‌లో ఉంటే మంచిది. చొక్కా ఇస్త్రీ చేసి ఉండాలి, గుండీలన్నీ పెట్టాలి. మంచం మీద వద్దు, పరుపు లోపలికి దిగి టేపు వంగుతుంది. నేల మీద దుప్పటి పరిచి దాని మీద చొక్కాను వెల్లకిలా వేసి, ముడతలు చేత్తో సర్దాలి, లాగకూడదు. అమ్మ మొదటిసారి బట్టను సాపు చేద్దామని రెండు వైపులా లాగి పట్టుకుంటే ముప్పావు అంగుళం ఎక్కువ వచ్చింది.

అన్నిటికన్నా ముందు ఛాతీ. ఒక చంక కింది కుట్టు నుంచి రెండో చంక కింది కుట్టు దాకా, అడ్డంగా. తర్వాత పొట్ట, కింద నుంచి మూడో గుండీ దగ్గర, ఈ పక్క కుట్టు నుంచి ఆ పక్క కుట్టు దాకా. పెద్దవాళ్లకు కొనేటప్పుడు ఈ కొలత వదలకండి, నేను పంపిన మొదటి చొక్కా తప్పింది ఇక్కడే. ఆ తర్వాత చొక్కాను బోర్లా తిప్పి భుజం కొలవాలి: చెయ్యి అతికిన కుట్టు నుంచి అవతలి చెయ్యి అతికిన కుట్టు దాకా. వెనక కాలర్ అతికిన చోటు నుంచి కింది అంచు దాకా పొడవు. చివరగా భుజం కుట్టు నుంచి చేతి అంచు దాకా చెయ్యి పొడవు. ఈ ఐదూ చాలు. నాన్న మెడ గుండీ పెట్టుకోరు కాబట్టి కాలర్ అడగలేదు. మెడ దాకా గుండీ పెట్టుకునేవాళ్లయితే కాలర్ విప్పి పరిచి, గుండీ మధ్య నుంచి కాజా చివర దాకా కొలిపించండి.

ఇంట్లో టేపు లేకపోతే దారంతో కొలవొచ్చు. చొక్కా మీద దారం పరిచి రెండు చోట్ల ముడి వేసి, ఆ దారాన్ని పిల్లల స్కేలు పక్కన పెట్టి చూడాలి. నైలాన్ దారం సాగుతుంది, నూలు దారం మేలు. టేపు ఉంటే ఒక వైపు అంగుళాలు, ఇంకో వైపు సెంటీమీటర్లు ఉంటాయి. ఏ వైపు చదివారో అడగండి.

అంకెలు రాగానే ఒకదానితో ఒకటి పోల్చి చూసుకోండి. అమ్మ చెప్పినవి ఇవి: ఛాతీ 22.5, పొట్ట 22.5, భుజం 18.5, పొడవు 29, చెయ్యి 9.5. భుజం ఛాతీ కన్నా తక్కువే రావాలి, ఎక్కువ వస్తే రెండిట్లో ఒకటి తప్పు. ఛాతీ నలభై పైన చెబితే చుట్టూ కొలిచినట్టు. పరిచి కొలిచిన అంకెను రెండింతలు చేస్తే చుట్టుకొలత వస్తుంది. నోటితో చెప్పించుకోవడంతో ఆగకుండా టేపు రెండు చివర్లూ కనిపించేలా ఫోటో తీయించుకున్నాను, ఎందుకంటే టేపు ఎక్కడ మొదలైందో ఫోటోలోనే తెలుస్తుంది.

దుకాణంలో

టి. నగర్ వెళ్లాను. రంగనాథన్ వీధిలో ఆదివారం సాయంత్రం నిలబడటానికే చోటుండదు, చొక్కా పరిచి కొలవడం ఎక్కడ కుదురుతుంది? పనిదినం పొద్దున పాండీ బజార్ వైపు వెళితే కౌంటర్ మీద చోటు దొరికింది. బ్యాగులో టేపు పెట్టుకునే వెళ్లాను. మరిచిపోతే తమిళంలో "టేప్ ఇరుక్కా?", అంటే టేపు ఉందా అని అడగండి, పెద్ద బట్టల దుకాణాల్లో ఆల్టరేషన్ చేసేవాళ్ల దగ్గర తప్పకుండా ఉంటుంది. అట్ట పెట్టి పిన్నులు గుచ్చి మడిచిన చొక్కాను అలాగే కొలవలేం. విప్పి ఉన్న పీసు చూపించమంటే చూపిస్తారు. కానీ ఒకే సైజులోనూ రెండు చొక్కాలకు అర అంగుళం దాకా తేడా రావొచ్చు, కాబట్టి బిల్లు వేయించబోయే చొక్కానే చివర్లో విప్పించి ఛాతీ, భుజం మళ్లీ కొలవండి.

అమ్మ కొలిచిన పద్ధతిలోనే కౌంటర్ మీద మూడు కొలిచాను. 40 స్లిమ్ ఫిట్ ఛాతీ 21, పొట్ట 20. బీరువాలోకి వెళ్లిన చొక్కా కథంతా ఆ రెండు అంకెల్లో కనిపించింది. 44 రెగ్యులర్ ఛాతీ 24, భుజం 19.5. చొక్కా వదులుగా ఉన్నా పరవాలేదు కానీ భుజం కుట్టు రెండు వైపులా అర అంగుళం చొప్పున కిందికి జారుతుంది. మధ్యలో ఉన్న 42 రెగ్యులర్ ఛాతీ 23, పొట్ట 23, భుజం 18.5, పొడవు 30, చెయ్యి 10.

ఆది చొక్కా పొడవు 29 అయితే 30 ఎందుకు తీసుకోవాలి? పాత చొక్కా ఎన్నో ఉతుకులు చూసింది, కుంగాల్సినంతా కుంగిపోయింది. కొత్త కాటన్ చొక్కా ఇంకా నీళ్లు తగలనిది. కాటన్ ఎక్కువగా పొడవులోనే కుంగుతుంది. 30 అంగుళాల మీద నూటికి మూడు వంతులు పోతే దాదాపు అంగుళం తగ్గినట్టే. అందుకే కాటన్ అయితే పొడవు ఒక అంగుళం, ఛాతీ అర అంగుళం ఎక్కువ చూసుకుంటాను. చేనేత, ఖాదీ అయితే ఇంకాస్త ఎక్కువే పెట్టుకోవాలి. పాలిస్టర్ కలిసిన బట్టకు ఈ లెక్క అక్కర్లేదు, అది దాదాపు కుంగదు.

అన్ని కొలతలూ ఒకే చొక్కాలో కుదరడం అరుదు. అప్పుడు దేన్ని వదులుకోవాలో తెలియాలి. పొడవు, చెయ్యి ఎక్కువైతే ఊళ్లో టైలర్ పది నిమిషాల్లో మడిచి కుట్టేస్తాడు. పక్కలు వదులైతే పట్టు వేస్తాడు. బిగుతైతే మాత్రం రెడీమేడ్ చొక్కాకు దారి లేదు. పక్క కుట్లు మడిచి రెండు వరసలు కుట్టేసి ఉంటాయి, లోపల విప్పడానికి గుడ్డ వదలరు. భుజం సరిచేయాలంటే చేతులు విప్పాలి, ఆ పని రెడీమేడ్ మీద చాలామంది ఒప్పుకోరు. కాబట్టి అన్నిటికన్నా ముందు భుజం కుదిరిందో లేదో చూడండి, ఛాతీ, పొట్ట ఆది కన్నా తక్కువ ఉంటే ఆ చొక్కా ఎంత నచ్చినా పక్కన పెట్టేయండి.

ఆన్‌లైన్‌లో కొనేవాళ్లు సైజు పట్టికలో `To Fit Chest` అని ఉంటే అది వేసుకునే మనిషి ఒంటి కొలత అని గుర్తుపెట్టుకోండి. మన అంకెల్ని చొక్కా కొలతతోనే పోల్చాలి. అది చుట్టుకొలతగా ఇచ్చి ఉంటే మనదాన్ని రెండింతలు చేసుకోవాలి.

పంపేటప్పుడు

డబ్బు కట్టే ముందే మార్పిడికి ఎన్ని రోజులు గడువని అడిగాను. పార్సిల్ వెళ్లి, సరిపోక తిరిగి రావాలంటే వారం చాలదు. పండగ దగ్గర పడ్డాక అసలే చాలదు. బిల్లు నా దగ్గరే ఉంచుకుని ఫోటో తీసుకున్నాను. ట్యాగు కత్తిరించొద్దని, తడపొద్దని అమ్మకు రెండుసార్లు చెప్పాను. వేసుకుని చూసేటప్పుడు నాన్నను కుర్చీలో కూర్చోమని చెప్పమన్నాను, పొట్ట దగ్గర లాగుతోందో లేదో నిలబడితే తెలియదు, కూర్చుంటే తెలుస్తుంది.

గుండీలు లాగలేదు. అమ్మ పంపిన ఫోటోలో భుజం కుట్టు సరిగ్గా భుజం చివర ఉంది. నాన్న ఫోన్ తీసుకుని "టైలర్ దగ్గర కుట్టించావా అమ్మా?" అని అడిగారు. రెండు ఉతుకుల తర్వాత అమ్మతో మళ్లీ కొలిపిస్తే పొడవు 29.25కు వచ్చింది. ఆ అంకెలు ఫోన్‌లో నాన్న పేరు కిందే రాసి పెట్టుకున్నాను. వచ్చే ఏడు ఈ చొక్కానే ఆది.