పండగ ముందు పెద్దాయనకి క్షమాపణ మెసేజ్ పెట్టేటప్పుడు తీసుకోవాల్సిన జాగ్రత్తలు

దసరా వెళ్లాక వచ్చే మొదటి మంగళవారం విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం. ముందురోజు సోమవారం తొలేళ్లు. అన్నదమ్ముల కుటుంబాలు మాట్లాడుకోకుండా ఉంటే మా వైపు ఈ రెండు రోజులూ చాలా ఇబ్బంది. పెద్దాయనకి ఓ మాట రాసేద్దామని చాలామందికి అప్పుడే అనిపిస్తుంది. కానీ తొలేళ్ల నాడు పంపితే 'పండక్కి పిలవమని అడుగుతున్నారు' అనే అర్థం వస్తుంది. కనీసం పదిహేను రోజుల ముందు పంపండి. కోపం దిగడానికి ఆయనకీ కాస్త టైమ్ కావాలి.

నేను మా పెదనాన్నకి రాసినప్పుడు మొదట దేనికి క్షమాపణ అడగాలో తప్పుగా అనుకున్నాను. గొడవ పొలం గట్టు దగ్గర మొదలైంది కాబట్టి దాని గురించే రాశాను. మా అప్ప అది చదివి, "ఆయన బాధ గట్టు గురించి కాదురా, పురుడు కబురు గురించి" అంది.

సంగతేంటంటే, మాటల్లేని రోజుల్లోనే మాకు పాప పుట్టింది. ఒకే ఇంటిపేరు, దాయాదులం. పురుడు వాళ్లకీ ఉంటుంది. ఎన్నాళ్లన్నది ఇంటి ఆచారాన్ని బట్టి మారుతుంది, మాకు పదకొండు రోజులు. ఆ రోజుల్లో గుడికి వెళ్లకూడదు, ఘటం ముట్టుకోకూడదు. మేము కబురు పెట్టలేదు. ఏడో రోజున పెదనాన్న తలమీద ఘటం పెట్టుకుని మొక్కు తీర్చుకున్నాడు. పండగ అయ్యాక ఎవరో కిరాణా కొట్టు దగ్గర, "మీ తమ్ముడింట్లో మనవరాలట కదా" అన్నారు. ఆ తర్వాత రెండేళ్లు ఆయన ఘటం ఎత్తలేదు.

అందుకే రాయడానికి ముందు ఆ ఇంటికీ మీ ఇంటికీ రాకపోకలున్న ఒక మనిషిని, వీలైతే ఆడపడుచుని, అడగండి. పురుడు, మైల, పెళ్లి, పెద్దకర్మ, వీటిలో మీరు చెప్పకుండా వదిలేసిన కబురు ఏదో తెలుసుకోండి. మెసేజ్‌లో మొదట ఉండాల్సింది అదే.

చివరికి నేను పంపింది ఇది:

"పెదనాన్నా, దండాలు. పాప పుట్టినప్పుడు పురుడు కబురు నీకు పంపకపోవడం నా తప్పు. తెలియక నువ్వు ఘటం ఎత్తావు. దానికి కారణం నేనే. క్షమించు. నువ్వు ఎప్పుడు రమ్మంటే అప్పుడు వచ్చి కాళ్లకి దండం పెట్టుకుంటాను."

ఇందులో గట్టు లేదు, నాన్న ఊసు లేదు. 'మీవాళ్లు కూడా ఆ రోజు...' అనే వాక్యం మొదట ఉండేది, కొట్టేశాను. ఆ ఒక్కటి ఉంటే మిగతా మాటలన్నీ వృథా. పొలం తగాదా కోర్టులో ఉంటే అసలు ఆ ఊసే వద్దు, ఫోన్‌లో రాసిన మాటని రేపు అవతలి వకీలు చూపించొచ్చు. 'అమ్మవారు చూస్తోంది' లాంటి బెదిరింపు మాటలూ వద్దు.

ఇంకో చిన్న సంగతి. పుట్టినప్పట్నుంచీ 'నువ్వు' అని పిలిచిన మనిషికి ఉన్నట్టుండి 'మీరు' అని రాస్తే అది మర్యాదలా కాదు, పరాయితనంలా వినిపిస్తుంది. ఎలా పిలిచేవారో అలాగే రాయండి.

ఫోన్ ఎవరి చేతిలో ఉంటుందో కూడా చూసుకోండి. మా పెదనాన్న ఫోన్ మనవడి దగ్గరే ఉంటుంది. వాడు గట్టిగా చదివితే ఇల్లంతా వింటుంది. అందరి ముందూ చదివినా ఆయనకి చిన్నతనం కాకుండా రాయాలి. ఫ్యామిలీ గ్రూపులో మాత్రం పెట్టొద్దు. అక్కడ పదిమందీ దండం బొమ్మలు పెట్టేస్తారు, ఆయన మీద ఒత్తిడి పడుతుంది.

నీలం టిక్కులు వచ్చి జవాబు రాకపోతే మళ్లీ పంపకండి. నాకు నాలుగు రోజులు ఏమీ రాలేదు, బాగా టెన్షన్ పడ్డాను. పైడితల్లి కథలో అన్నకి కబురు చెబుదామని బయల్దేరిన ఆడపడుచుకి దారిలోనే బొబ్బిలి యుద్ధంలో ఆయన చనిపోయాడని తెలిసిందంటారు. ఆ నాలుగు రోజులూ నాకు అదే గుర్తొచ్చింది. అయినా ఆగాను.

ఐదో రోజు పెదనాన్నే ఫోన్ చేశాడు. క్షమించాననలేదు, పాప పేరూ అడగలేదు.

"ఇంట్లో పురుడూ మైలా ఏమీ లేవు కదా?" అన్నాడు.

"ఏమీ లేవు పెదనాన్నా."

"అయితే తొలేళ్ల నాడు పొద్దు పోకముందే వచ్చేయండి. ఘటానికి కొత్త కుండ కొనాలి."