రక్తం తీయడం నేర్చుకుందాం – 3వ భాగం: ఈడీటీఏ చుక్క ఎర్ర ట్యూబులో పడితే పొటాషియం ఏమవుతుంది?

పోయిన భాగంలో టార్నికెట్ కట్టడం, నరం వెతకడం, సూది కోణం చూశాం. ఇప్పుడు సూది నరంలో ఉంది, చేతిలో నాలుగైదు ట్యూబులు ఉన్నాయి. ఏది ముందు పెట్టాలి?

వరుస ఇది: ముందు బ్లడ్ కల్చర్ సీసాలు, తర్వాత నీలం క్యాప్ సిట్రేట్, తర్వాత ఎర్ర లేదా పసుపు క్యాప్ సీరమ్ ట్యూబు, ఆ తర్వాత ఆకుపచ్చ హెపారిన్, తర్వాత పర్పుల్ ఈడీటీఏ, చివర బూడిద రంగు ఫ్లోరైడ్. క్యాప్ రంగులు కంపెనీని బట్టి కాస్త మారతాయి కాబట్టి రంగుతో పాటు లేబుల్ మీద లోపల ఏముందో చదవడం అలవాటు చేసుకోండి. దీన్ని బట్టీ పట్టడం పెద్ద పనేమీ కాదు, కానీ బట్టీ పట్టినవాళ్లు హడావిడిలో మర్చిపోతారు, కారణం తెలిసినవాళ్లు మర్చిపోరు. అందుకే ఈ భాగమంతా ఒక్క జంట మీదే పెడుతున్నాను: పర్పుల్ ట్యూబులోని మందు సీరమ్ ట్యూబులోకి వెళ్తే ఏమవుతుంది. ల్యాబ్‌లో ఎక్కువ ఇబ్బంది పెట్టేది ఇదే, పైగా సగంసార్లు కంటికి కనిపించదు కూడా.

పర్పుల్ ట్యూబులో ఉండేది ఎక్కువగా కె2-ఈడీటీఏ, అంటే ఈడీటీఏకి రెండు పొటాషియంలు అతుక్కుని ఉన్న లవణం. రక్తం గడ్డకట్టాలంటే కాల్షియం కావాలి, ఈడీటీఏ ఆ కాల్షియాన్ని పట్టేసుకుంటుంది, దాంతో రక్తం గడ్డకట్టకుండా సీబీసీకి పనికొస్తుంది. సీబీసీలో పొటాషియం కొలవరు, కాల్షియం కొలవరు, కాబట్టి అక్కడ ఏ నష్టమూ లేదు. అదే రక్తం కొంచెం సీరమ్ ట్యూబులోకి పోతే మాత్రం రెండు పనులు ఒకేసారి జరుగుతాయి. వెంట తెచ్చిన పొటాషియం రిపోర్టులో కలుస్తుంది, అక్కడున్న కాల్షియాన్ని ఈడీటీఏ పట్టుకోవడంతో మెషీన్ దాన్ని లెక్కపెట్టలేదు. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైమ్‌కి జింక్, మెగ్నీషియం అవసరం, వాటినీ ఈడీటీఏ లాగేస్తుంది కాబట్టి కలిసిన మోతాదు ఎక్కువైతే ఆ ఎంజైమ్ కూడా పడిపోతుంది.

ఇప్పుడు లెక్క వేద్దాం, భయపడకండి, చిన్నదే. ఈడీటీఏ ట్యూబులో ప్రతి మిల్లీలీటర్ రక్తానికి దాదాపు 1.8 మిల్లీగ్రాముల మందు ఉంటుంది. 4 మిల్లీలీటర్ల సీరమ్ ట్యూబు తీసుకోండి, అందులో కణాలు పోను సీరమ్ రెండు మిల్లీలీటర్లకి కాస్త ఎక్కువ వస్తుంది. ఆ ట్యూబులోకి ఈడీటీఏ కలిసిన రక్తం ఒక్క చుక్క, అంటే 0.05 మిల్లీలీటర్, పడిందనుకోండి. పొటాషియం లీటరుకి సుమారు 0.2 మిల్లీమోల్ పెరుగుతుంది, కాల్షియం డెసిలీటర్‌కి సుమారు 0.4 మిల్లీగ్రాము తగ్గుతుంది. నాలుగు చుక్కలైతే పొటాషియం 0.8 పైకి, కాల్షియం 1.6 కిందికి. అర మిల్లీలీటర్ పోస్తే పొటాషియం 2 పెరిగి, కాల్షియం 4 తగ్గుతుంది. గమనించారా, పొటాషియం ఎంత పెరిగితే కాల్షియం అంకె దాదాపు దానికి రెట్టింపు పడుతోంది. ఒక్కో ఈడీటీఏ అణువు రెండు పొటాషియంలు తెచ్చి ఒక కాల్షియాన్ని పట్టుకుంటుంది కదా, యూనిట్లు మార్చి చూస్తే ఆ రెట్టింపు వస్తుంది. ఇది అంచనాకి పనికొచ్చే లెక్క మాత్రమే, రిపోర్టు సరిదిద్దడానికి కాదు. ఈడీటీఏ మెగ్నీషియం లాంటి వాటినీ కొంత పట్టుకుంటుంది, కాల్షియం కొలిచే పద్ధతిని బట్టి కూడా తేడా వస్తుంది, కె3-ఈడీటీఏ ట్యూబైతే పొటాషియం ఇంకా ఎక్కువ పెరుగుతుంది.

ఇప్పుడు ఒక కేసు. ఇది పాఠం కోసం అల్లినదే, అంకెలు మాత్రం పై లెక్క ప్రకారమే. నీటి మాత్రలు వాడుతున్న ఒక పెద్దావిడ నీరసంగా ఉందని వచ్చింది. ఆవిడ అసలు పొటాషియం 2.9, కాల్షియం 9.6. నరం దొరక్క సిరంజితో రక్తం తీశారు. ముందు పర్పుల్ ట్యూబు నింపారు. అది గీత దాటి ఎక్కువైంది, ఎర్ర ట్యూబులో తక్కువ పడింది. వృథా చేయడమెందుకని పర్పుల్ క్యాప్ తీసి కొంచెం రక్తం ఎర్ర ట్యూబులోకి వంచారు, నాలుగు చుక్కలు అనుకుందాం. రిపోర్టులో పొటాషియం 3.7 వచ్చింది, కాల్షియం 8.0 వచ్చింది. పొటాషియం నార్మల్! డాక్టర్ గారు దాని జోలికి పోరు. కాల్షియం తక్కువ ఉందని మాత్రలు రాస్తారేమో కూడా. ఆవిడకి అసలు కావాల్సింది పొటాషియం, అదే అందదు.

నాకు అన్నిటికంటే ఆందోళన కలిగించేది ఈ రకమే. పొటాషియం 9 వచ్చి, కాల్షియం 2కి పడిపోతే ల్యాబ్‌లో ఎవరైనా ఆగి చూస్తారు, అలాంటి రిపోర్టుతో మనిషి కూర్చుని మాట్లాడుతున్నాడంటే శాంపిల్‌లోనే ఏదో తేడా ఉందని పోల్చుకుంటారు. కానీ కొద్దిగా కలిసినప్పుడు అంకెలు నమ్మేలా ఉంటాయి, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ కూడా పెద్దగా కదలదు. 4.6 ఉన్నవాళ్లకి 5.6 చూపించి లేని జబ్బుకి వైద్యం చేయించవచ్చు, 2.9 ఉన్నవాళ్లకి 3.7 చూపించి ఉన్న జబ్బుని దాచేయవచ్చు.

మరి ఈ మందు ఒక ట్యూబు నుంచి ఇంకోదాంట్లోకి వెళ్లేది ఎలా? వ్యాక్యూమ్ ట్యూబుల సెట్‌లో హోల్డర్ లోపల రబ్బరు తొడుగు వేసిన ఒక వెనక సూది ఉంటుంది, అదే క్యాప్‌ని గుచ్చుకుని లోపలికి దిగుతుంది. చేయి కిందికి వాలి, ట్యూబు క్యాప్ పైవైపు ఉండి, రక్తం అడుగు నుంచి నిండుతూ వస్తే ఆ సూది మొన లోపలి రక్తాన్ని తాకదు. చేయి పైకెత్తి ట్యూబు తలకిందులుగా ఉంటే, లేదా ట్యూబు హోల్డర్‌లో ఉండగానే ఊపితే, మందు కలిసిన రక్తం సూది మొనని తడుపుతుంది, ఆ తడి తర్వాతి ట్యూబులోకి పోతుంది. నిజం చెప్పాలంటే, పద్ధతిగా తీసినప్పుడు అలా పోయేది ఒక చుక్కలో చిన్న భాగం కూడా ఉండదు, రిపోర్టులో తేడా పట్టుకోవడమే కష్టం. కొందరు ఆ మాట పట్టుకుని వరుస ఎందుకని వాదిస్తారు. నా సమాధానం ఏంటంటే, పద్ధతిగా తీయడం అన్నిసార్లూ కుదరదు. పేషెంట్ చేయి కదిలిస్తారు, నరం జారుతుంది, మీరు ఒంగి ఇబ్బందిగా పట్టుకుని ఉంటారు. సరిగ్గా అలాంటప్పుడే వరుస కాపాడుతుంది, దానికి అదనంగా ఒక్క క్షణం కూడా పట్టదు.

అసలు ప్రమాదం మాత్రం సిరంజితో, ఇంకా ఎక్కువగా ట్యూబు నుంచి ట్యూబుకి వంచడంతో. ఎంత తక్కువ పడినా సరే, ఒక ట్యూబు రక్తం ఇంకో ట్యూబులో పోయకండి. ఒకే రంగు ట్యూబులైనా వద్దు, ఎందుకంటే మందు రెట్టింపవుతుంది. సిరంజితో తీస్తే సూది తీసేసి, ట్రాన్స్‌ఫర్ డివైస్ పెట్టి, అదే వరుసలో నింపండి, ప్లంజర్ నొక్కకుండా ట్యూబులోని వ్యాక్యూమ్‌నే లాక్కోనివ్వండి. సూదితో క్యాప్ గుచ్చి నింపితే ఆ సూది మొన పర్పుల్ ట్యూబు లోపలి మందుని తాకి బయటికి వస్తుంది, పైగా మీ వేలికి గుచ్చుకునే ప్రమాదం వేరే. ట్యూబు నిండగానే హోల్డర్ నుంచి తీసి, అప్పుడు మెల్లగా తిప్పి కలపండి.

మిగతా వరుసకి కారణాలు రెండు మాటల్లో. కల్చర్ ముందు, ఎందుకంటే మిగతా ట్యూబుల మీది సూక్ష్మజీవులు దాంట్లోకి పోకూడదు. సిట్రేట్ సీరమ్ కంటే ముందు, ఎందుకంటే సీరమ్ ట్యూబులో గడ్డకట్టించే పదార్థం ఉండొచ్చు, అది గడ్డకట్టే సమయం కొలిచే పరీక్షని పాడు చేస్తుంది. ఫ్లోరైడ్ చివర, దాంట్లో తరచూ పొటాషియం ఆక్సలేట్ కూడా ఉంటుంది, ఆక్సలేట్ కూడా ఈడీటీఏ లాగే పొటాషియం పెంచి కాల్షియం తగ్గిస్తుంది. బటర్‌ఫ్లై సూది వాడినప్పుడు సిట్రేట్ ట్యూబు గీత దాకా నిండకపోవడం గురించి వచ్చే భాగంలో వివరంగా రాస్తాను, అది వేరే సమస్య.

వరుస తప్పిందని మధ్యలో గుర్తొస్తే దాచకండి. పొటాషియం లేదా కాల్షియం అడిగి ఉంటే కొత్తగా గుచ్చి ఇంకో సీరమ్ ట్యూబు తీయడమే మంచిది, కుదరకపోతే ఫారం మీద రాసి పంపండి.

ఇప్పుడు అభ్యాసం. ఈ మూడు రిపోర్టుల్లో ఏది ఈడీటీఏ కలిసిన శాంపిల్ అయి ఉంటుందో చెప్పండి. మొదటిది: పొటాషియం 6.4, కాల్షియం 9.3, సీరమ్ ఎర్రగా ఉంది. రెండోది: పొటాషియం 6.3, కాల్షియం 5.1, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ 20, సీరమ్ తేటగా ఉంది, పేషెంట్‌కి ఏ ఇబ్బందీ లేదు. మూడోది: పొటాషియం 6.3, కాల్షియం 7.0, క్రియాటినిన్ 8.2, యూరియా 190, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ 140, సీరమ్ తేటగానే ఉంది.

మొదటిది హీమోలిసిస్. ఎర్రకణాలు పగిలి వాటిలోని పొటాషియం బయటికి వచ్చింది, కాల్షియాన్ని ఎవరూ పట్టుకోలేదు కాబట్టి అది అలాగే ఉంది. రెండోది మన ఈడీటీఏ. పొటాషియం అసలు 4.2 ఉండి, దాని మీద సుమారు 2 పెరిగిందనుకుంటే, మామూలుగా 9 పైన ఉండే కాల్షియం సుమారు 4 తగ్గాలి, దాదాపు అంతే తగ్గింది, ఎంజైమ్ కూడా పడింది. ఆ రిపోర్టు పంపకుండా వార్డుకి ఫోన్ చేసి కొత్త శాంపిల్ అడగండి. మూడోదాంట్లో చాలామంది పొరపడతారు. పొటాషియం ఎక్కువ, కాల్షియం తక్కువ అని చూడగానే ఈడీటీఏ అనేస్తారు, కానీ కిడ్నీలు పనిచేయనివాళ్లలో కూడా సరిగ్గా ఇదే జంట వస్తుంది, క్రియాటినిన్ ఆ సంగతే చెబుతోంది, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ పడిపోలేదు. దీన్ని శాంపిల్ తప్పని పక్కన పెడితే ప్రాణం మీదికి వస్తుంది. వెంటనే ఫోన్ చేసి అంకె చెప్పండి, ఈసీజీ తీయమనండి. మళ్లీ రక్తం తీయాలనుకుంటే తీయండి, కానీ దాని రిపోర్టు వచ్చేదాకా ఈ సంగతి చెప్పకుండా ఆగకండి.