రెండు పద్ధతుల్లోనూ 9 నెలలే చూపిస్తోందా? అప్పుల షీట్‌లో తప్పు ఎక్కడుందో పట్టుకోండి

మొన్న మా బావమరిది తన అప్పుల షీట్ పంపి "బావా, చిన్న అప్పు ముందు తీర్చినా, వడ్డీ ఎక్కువున్నది ముందు తీర్చినా 9 నెలలే వస్తోంది, మరి ఇంత గోల దేనికి" అన్నాడు. వాడి అప్పులు రెండే. క్రెడిట్ కార్డ్ మీద 60,000, నెలకి 3.5% వడ్డీ. పర్సనల్ లోన్‌లో ఇంకా 30,000 ఉంది, ఏడాదికి 15%, ఈఎంఐ 3,000. నెలకి మొత్తం 12,000 కట్టగలడు. చిన్నది ముందు పద్ధతిలో కార్డుకి 4,000 మాత్రమే కట్టి మిగతా 8,000 లోన్‌కి పంపిస్తున్నాడు.

సమస్య: రెండిట్లోనూ ఒకే నెలలో అప్పు తీరిపోతోంది

నెలలు లెక్కపెడితే తేడా దొరకదు, ఎందుకంటే ఆఖరి నెలలో 12,000 మొత్తం కట్టక్కర్లేదు, ఎంత మిగిలితే అంతే కడతాం, తేడా అంతా అక్కడే దాక్కుంటుంది. నెలాఖరు బ్యాలెన్సులు పక్కపక్కన పెట్టి చూడండి, కార్డ్ వడ్డీలో దాని మీద పడే జీఎస్టీ కూడా కలిపాను.

| నెల | చిన్నది ముందు: కార్డ్ / లోన్ | వడ్డీ ఎక్కువది ముందు: కార్డ్ / లోన్ |
|---|---|---|
| 1 | 58,478 / 22,375 | 53,478 / 27,375 |
| 4 | 52,448 / 0 | 32,251 / 19,301 |
| 6 | 32,374 / 0 | 16,598 / 13,750 |
| 8 | 10,607 / 0 | 0 / 7,684 |
| 9 | 0 / 0 | 0 / 0 |

9వ నెలలో మొదటి పద్ధతిలో కట్టాల్సింది 11,046, రెండో దాంట్లో 7,780. అంటే 3,266 తేడా, అదంతా వడ్డీయే. కాబట్టి నెలల సంఖ్య కాకుండా "మొత్తం కట్టిన వడ్డీ" అని ఒక గడి పెట్టుకుని దాన్ని పోల్చండి. నన్నడిగితే మాత్రం, జీతం ఎప్పుడొస్తుందో తెలీని వాళ్ళకి 4వ నెలకే ఒక ఈఎంఐ పోవడం ఆ 3,266 కంటే విలువైనదే కావచ్చు, అది వాళ్ళ ఇష్టం.

సమస్య: లోన్ తీరిపోయింది గానీ కార్డ్ కదలట్లేదు

షీట్‌లో 5వ నెల నుంచి కార్డ్ నెలకి 1,800, 1,900 మాత్రమే తగ్గుతుంటే, లోన్ తీరాక మిగిలిన 8,000 ఎటూ పోకుండా గాల్లో ఉండిపోయిందన్నమాట. కార్డ్ గడిలో 4,000 అని చేత్తో టైప్ చేసి కిందకి లాగేస్తారు, అదే కారణం. B కార్డ్ బ్యాలెన్స్, C దాని వడ్డీ, D లోన్ బ్యాలెన్స్, E దాని వడ్డీ అనుకుంటే, చిన్నది ముందు పద్ధతికి F లో లోన్ చెల్లింపు, G లో కార్డ్ చెల్లింపు ఇలా రాయాలి:

```
F5: =MIN(D5+E5, 12000-4000)
G5: =MIN(B5+C5, 12000-F5)
```

వడ్డీ ఎక్కువది ముందు అయితే రెండూ తిరగేయాలి: G5 లో `=MIN(B5+C5, 12000-3000)`, F5 లో `=MIN(D5+E5, 12000-G5)`. F5 మార్చి G5 మర్చిపోతే F, G ఒకదాన్నొకటి చూసుకుంటూ కూర్చుంటాయి, సర్క్యులర్ ఎర్రర్ వస్తుంది. భయపడకండి, ఆ రెండో గడి కూడా సరిచేస్తే పోతుంది.

సమస్య: కార్డ్ స్టేట్‌మెంట్‌లో వడ్డీ షీట్ కంటే ఎక్కువ వస్తోంది

60,000 మీద 3.5% అంటే 2,100 అని షీట్ చెప్తుంది, స్టేట్‌మెంట్‌లో దాని మీద ఇంకో 378 ఉంటుంది. అది వడ్డీ మీద 18% జీఎస్టీ, మా వాడు మర్చిపోయింది ఇదే (పైన టేబుల్‌లో కలిపాను).

```
C5: =B5*3.5%*1.18
```

ఇది పెట్టినా ఇంకా తేడా వస్తుంటే కార్డ్ మళ్ళీ గీకుతున్నారేమో చూడండి. పాత బిల్లు పూర్తిగా కట్టనప్పుడు వడ్డీలేని రోజులు పోతాయి, కొత్తగా కొన్న 500 రూపాయల కిరాణాకి కూడా కొన్న రోజు నుంచే వడ్డీ పడుతుంది. ఆ కార్డుని అప్పు తీరేదాకా బీరువాలో పెట్టేయండి, లేదంటే షీట్ ఎప్పటికీ సరిపోదు. కొన్ని రూపాయల తేడా మాత్రం పట్టించుకోకండి, బ్యాంకు రోజువారీ లెక్క వేస్తుంది, మనం నెలకోసారి వేస్తున్నాం.

సమస్య: షీట్‌లో లోన్‌కి 8,000, బ్యాంకులో మాత్రం 3,000 మాత్రమే తీసుకుంటున్నారు

చిన్నది ముందు పద్ధతి ఎక్కువగా ఇక్కడే చతికిలబడుతుంది. చాలా పర్సనల్ లోన్లలో ప్రతినెలా ఎంతపడితే అంత ఎక్కువ కట్టడం కుదరదు, పార్ట్ పేమెంట్‌కి షరతులుంటాయి, ముందే మూసేస్తే ఛార్జీ, దానిమీద జీఎస్టీ కూడా ఉండొచ్చు. శాంక్షన్ లెటర్‌లో ఆ లైన్ వెతికి, ఛార్జీ ఎంతో ఆఖరి చెల్లింపుకి కలపండి. పార్ట్ పేమెంట్ అసలు లేదంటే ఆ మిగులు 5,000 సేవింగ్స్‌లో పోగేసి ఒకేసారి మూసేయాలి, ఈలోపు కార్డ్ మీద జీఎస్టీతో కలిపి నెలకి 4.13% నడుస్తూనే ఉంటుంది. మా వాడి లెటర్‌లో ఏడాదికి ఒక్క పార్ట్ పేమెంటే అని ఉంది, అది చూశాక ఆ 5,000 కార్డుకే కడుతున్నాడు.