డాలర్లలో ఉన్న లాప్‌టాప్ విశాఖలో చేతికొచ్చేసరికి ఎన్ని రూపాయలు? కొరియర్ కేవైసీ, కస్టమ్స్ చెల్లింపు దరఖాస్తు విధానం

అమెరికా సైట్‌లో 1,199 డాలర్లని చూసి, ఫోన్‌లో ఆ రోజు మారకం రేటుతో గుణించి, "ద్వారకానగర్ షాపులో చెప్పిన ధర కంటే ఎంత తక్కువో" అనుకునేవాళ్లు మన ఊళ్లో చాలామందే ఉన్నారు. ఆ పోలికలోనే ఒక తేడా ఉంది. మన షాపులో చెప్పే ధరలో 18 శాతం జీఎస్టీ కలిసే ఉంటుంది. అమెరికా సైట్లు చూపించేది పన్ను కలపని ధర. దాని మీద రవాణా ఖర్చు, కార్డు మార్కప్, మన కస్టమ్స్ పన్ను, కొరియర్ వాళ్ల ఫీజు ఒకదాని తర్వాత ఒకటి పడతాయి. కొత్త లాప్‌టాప్ ఒకటి, సొంత వాడకానికి, కొరియర్‌లో తెప్పించుకునే సందర్భం వరకే ఇక్కడ చెబుతున్నాను.

ముందుగా అనుమతి సంగతి. 2023 ఆగస్టులో విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ లాప్‌టాప్‌ల దిగుమతిపై ఆంక్షలు పెట్టింది. అప్పటి నుంచి "మనం తెప్పించుకోకూడదట" అనే మాట ప్రచారంలో ఉంది. అదే నోటిఫికేషన్‌లో మినహాయింపు కూడా ఉంది: ఆన్‌లైన్‌లో కొని పోస్టులో గాని కొరియర్‌లో గాని తెప్పించుకునే ఒక్క లాప్‌టాప్‌కు లైసెన్స్ అక్కర్లేదు, వర్తించే పన్ను కడితే చాలు. రెండు కలిపి ఒకే పార్సిల్‌లో తెప్పిస్తే ఈ మినహాయింపు వర్తించదు. రీఫర్బిష్డ్ అని రాసి ఉన్నవాటి జోలికి వెళ్లకండి, వాడిన కంప్యూటర్ల దిగుమతికి నిబంధనలు వేరు.

కార్డు దగ్గర

2020 అక్టోబరు నుంచి రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం కొత్తగా ఇచ్చే కార్డుల్లో విదేశీ లావాదేవీలు మామూలుగా ఆపేసి ఉంటాయి. బ్యాంకు యాప్‌లో కార్డు సెట్టింగుల్లోకి వెళ్లి అంతర్జాతీయ ఆన్‌లైన్ వాడకాన్ని ఆన్ చేసి, పరిమితిని సరిపడా పెంచుకోవాలి. పని అయ్యాక మళ్లీ ఆపేయడం మంచిది.

డబ్బు కట్టే పేజీలో కొన్ని సైట్లు "INR లో కడతారా, USD లో కడతారా" అని అడుగుతాయి. రూపాయల్లో కట్టడమే తేలికని అనిపిస్తుంది. కానీ అక్కడ రేటు నిర్ణయించేది అమ్మేవాడి తరఫు సంస్థ, అందులో వాళ్ల లాభం కలిసే ఉంటుంది. పైగా అమ్మేవాడు విదేశంలో ఉంటే, రూపాయల్లో కట్టినా మన బ్యాంకులు చాలావరకు వేరే రుసుము వేస్తాయి. USD ఎంచుకోండి.

డాలర్లలో కడితే వీసా గాని మాస్టర్‌కార్డ్ గాని తమ రేటుతో రూపాయల్లోకి మారుస్తాయి. మీరు బటన్ నొక్కిన రోజు రేటు కాకుండా, లావాదేవీ ఖాతాకెక్కిన రోజు రేటు పడొచ్చు, అది ఒకటి రెండు రోజులు అటూ ఇటూ. ఆ మొత్తం మీద బ్యాంకు తన ఫారెక్స్ మార్కప్ కలుపుతుంది. చాలా క్రెడిట్ కార్డులకు ఇది 3.5 శాతం. ఆ మార్కప్ మీద మళ్లీ 18 శాతం జీఎస్టీ. రెండూ కలిపితే 4.13 శాతం. స్టేట్‌మెంట్‌లో మార్కప్, దాని జీఎస్టీ తరచూ వేరే వరుసల్లో వస్తాయి కాబట్టి, మొదటి వరుస చూసి లెక్క సరిపోయిందని అనుకోకండి. మార్కప్ లేని కార్డులు కూడా ఉన్నాయి, ఇంట్లో ఎవరి దగ్గరైనా ఉంటే ముందు అడగండి.

కస్టమ్స్ లెక్క ఎలా కడుతుంది

కస్టమ్స్‌కు మీ కార్డు బిల్లుతో సంబంధం లేదు. అది చూసేది ఇన్‌వాయిస్. వస్తువు ధరకు రవాణా ఖర్చు, బీమా కలిపి విలువ కడుతుంది. బీమా ఎంతో కాగితం మీద లేకపోతే వస్తువు ధరలో 1.125 శాతం అనుకుంటుంది. రవాణా ఖర్చు తెలియకపోతే ధరలో 20 శాతం వేస్తుంది. అందుకే ఇన్‌వాయిస్‌లో రవాణా ఖర్చు విడిగా రాయించుకోవడం ముఖ్యం. "ఉచిత డెలివరీ" అని ఊరుకుంటే, అరవై డాలర్ల ఖర్చు కాస్తా కాగితం మీద 240 డాలర్లయ్యే ప్రమాదం ఉంది.

మారకం రేటు కూడా కస్టమ్స్‌ది వేరే. దిగుమతుల కోసం ప్రకటించిన రేటును icegate.gov.in లో చూసుకోవచ్చు. ఫోన్‌లో కనిపించే రేటు కంటే అది సాధారణంగా కొంచెం ఎక్కువే.

ఇక పన్ను. లాప్‌టాప్‌లు కస్టమ్స్ సుంకాల పట్టికలో 8471 శీర్షిక కింద వస్తాయి. ఈ శీర్షికలో మూల సుంకం సున్నా. సాంఘిక సంక్షేమ సర్‌చార్జి మూల సుంకంలో శాతం కాబట్టి అదీ సున్నాయే. మిగిలేది 18 శాతం ఐజీఎస్టీ, అంటే దిగుమతి మీద పడే జీఎస్టీ. అయితే వ్యక్తిగత వాడకం వస్తువులకు 9804 అని వేరే శీర్షిక ఉంది. దానికి మూల సుంకం ఉంటుంది, 2026 బడ్జెట్‌లో దాన్ని 20 నుంచి 10 శాతానికి తగ్గించారు. కొరియర్ ఏజెంటు మీ పార్సిల్‌ను ఏ శీర్షిక కింద వేశాడన్న దాని మీద వేల రూపాయల తేడా వస్తుంది.

1,199 డాలర్ల ఉదాహరణ

లాప్‌టాప్ 1,199, రవాణా 61, మొత్తం 1,260 డాలర్లు. లెక్క కోసం కార్డు రేటు 90 రూపాయలు, కస్టమ్స్ రేటు 91 అనుకుందాం. మీరు లెక్కేసే రోజు రేట్లు వేసుకోండి.

కార్డు మీద 1,260 × 90 = 1,13,400 రూపాయలు. 3.5 శాతం మార్కప్ 3,969, దాని మీద జీఎస్టీ 714. కార్డు బిల్లు 1,18,083.

కస్టమ్స్ విలువకు 1,260 డాలర్లకు బీమా కింద 13.49 కలిపితే 1,273.49 డాలర్లు. 91తో గుణిస్తే 1,15,888 రూపాయలు. అందులో 18 శాతం 20,860.

మన తరఫున పన్ను ముందు కట్టి తర్వాత వసూలు చేసుకున్నందుకు కొరియర్ సంస్థ ఫీజు వేస్తుంది. ఒక్కో సంస్థది ఒక్కో పద్ధతి. జీఎస్టీతో 1,180 అనుకుందాం.

అన్నీ కలిపితే 1,40,123 రూపాయలు. ఫోన్‌లో గుణిస్తే వచ్చిన అంకె 1,07,910. తేడా 32,213. అంటే ఫోన్ చెప్పిన రూపాయల మీద సుమారు 30 శాతం కలుపుకుంటే అసలు ధరకు దగ్గరగా వస్తారు. మార్కప్ లేని కార్డయితే ఇందులో 4,683 మిగులుతుంది. ఒకవేళ 9804 కింద వేస్తే మరో 13 నుంచి 15 వేలు పడొచ్చు, అప్పుడు ద్వారకానగర్ షాపువాడే నయం.

కొన్ని సైట్లు దిగుమతి పన్నును కూడా ముందే డాలర్లలో వసూలు చేస్తాయి. సౌకర్యంగానే ఉంటుంది, కానీ అప్పుడు పన్ను మీద కూడా కార్డు మార్కప్ పడుతుంది. పై లెక్కలో అది 860 రూపాయల దాకా ఉంటుంది. టెన్షన్ వద్దనుకునేవాళ్లకు అది పెద్ద మొత్తం కాదు. అసలు పన్ను తక్కువ పడితే మిగిలింది వాపసు ఇస్తారో లేదో షరతుల్లో చూసుకుని కట్టండి.

కేవైసీ, పన్ను చెల్లింపు

దీనికి పోర్టు ఏరియాలోని కస్టమ్స్ హౌస్‌కు వెళ్లక్కర్లేదు. కొరియర్ పార్సిల్ దిగిన విమానాశ్రయంలోని కొరియర్ టెర్మినల్‌లోనే పరిశీలన జరుగుతుంది, పన్ను కట్టాకే పార్సిల్ విశాఖకు కదులుతుంది. పని అంతా ఆన్‌లైన్‌లోనే.

పార్సిల్ బయల్దేరగానే కొరియర్ సంస్థ కేవైసీ లింకు పంపుతుంది. ఆధార్, పాన్, పాస్‌పోర్టు వంటి గుర్తింపు పత్రం కాపీ మీద సంతకం చేసి అప్‌లోడ్ చేయాలి. ఎక్కువ పార్సిళ్లు ఆగిపోయేది ఇక్కడే. ఆర్డర్‌లో ముద్దుపేరో, ఇంటిపేరు లేని పేరో ఇస్తారు, ఆధార్‌లో ఇంటిపేరు ముందుంటుంది. ఆర్డర్ చేసేటప్పుడే పత్రంలో ఉన్నట్టు పేరు రాయండి. చిరునామా పత్రంలో శ్రీకాకుళం, డెలివరీ మధురవాడ అయితే మధురవాడ చిరునామాకు ఇంకో ఆధారం దగ్గర పెట్టుకోండి.

ఆ లింకుతో పాటే ఇన్‌వాయిస్ కాపీ, కార్డు చెల్లింపు రుజువు పంపండి. మెయిల్‌లో ఒక వాక్యం చేర్చండి: "ఇది ఒక కొత్త లాప్‌టాప్, శీర్షిక 847130, సొంత వాడకానికి." పన్ను తగ్గుతుందని అమ్మేవాణ్ని బహుమతి అని రాయమనకండి. 2019 డిసెంబరు నుంచి బహుమతి పేరుతో పన్ను లేకుండా వచ్చే వెసులుబాటు రాఖీలకు, ప్రాణరక్షక మందులకు తప్ప లేదు. ధర తగ్గించి రాయించినా చిక్కే. ఆ మోడల్ ధర అధికారికి నెట్‌లో కనిపిస్తూనే ఉంటుంది.

తర్వాత పన్ను కట్టమని సందేశం వస్తుంది. ఈ పేరుతో మోసపు మెసేజ్‌లు కూడా తిరుగుతున్నాయి కాబట్టి లింకు నొక్కకుండా, కొరియర్ సంస్థ సైట్‌లోకి నేరుగా వెళ్లి మీ పార్సిల్ నంబరు కొట్టి మొత్తం సరిపోయిందో చూడండి. కట్టే ముందు బిల్ ఆఫ్ ఎంట్రీ, అంటే మీ పార్సిల్ కోసం కస్టమ్స్‌కు ఇచ్చిన దిగుమతి పత్రం, కాపీ అడగండి. అందులో మూడు విషయాలు చాలు: శీర్షిక 8471 ఉందా, రవాణా ఖర్చు ఇన్‌వాయిస్‌లో ఉన్నంతే వేశారా, మారకం రేటు ఆ తేదీకి ప్రకటించినదేనా. తేడా ఉంటే కట్టకముందే కొరియర్ వాళ్లకు రాతపూర్వకంగా చెప్పండి. కట్టి పార్సిల్ తీసుకున్నాక మార్పించుకోవాలంటే కస్టమ్స్ అప్పీళ్ల కమిషనర్ దగ్గర 60 రోజుల్లోపు అప్పీలు వేసుకోవాల్సి వస్తుంది.

అమెరికా నుంచి వచ్చే అన్నయ్యో వదినో చేత్తో తెస్తే లెక్కే వేరు. 18 ఏళ్లు నిండిన ప్రయాణికుడు ఒక లాప్‌టాప్‌ను కస్టమ్స్ పన్ను లేకుండా తెచ్చుకోవచ్చు. అప్పుడు 20,860, కొరియర్ ఫీజు, రవాణా ఖర్చు మూడూ పోతాయి. బదులుగా వాళ్లుండే రాష్ట్రపు అమ్మకపు పన్ను పడుతుంది. ఒరెగాన్‌లో అది లేదు, చాలా రాష్ట్రాల్లో ఉంది. కార్డు వాళ్లదే అయితే మార్కప్ కూడా ఉండదు.

చివరగా ఆర్డర్ రద్దు సంగతి. డబ్బు వెనక్కి వచ్చినప్పుడు ఆ రోజు రేటుతోనే రూపాయల్లోకి మారుతుంది, మార్కప్ మాత్రం చాలా బ్యాంకులు వెనక్కి ఇవ్వవు. పై ఉదాహరణలో రద్దు చేస్తే, రేటు మారకపోయినా 4,683 రూపాయలు పోయినట్టే. మోడల్, కీబోర్డు, ఛార్జర్ ప్లగ్ అన్నీ ఆర్డర్ పెట్టకముందే చూసుకోండి.