టోకు ఆర్డర్లలో కనీస పరిమాణం, కార్టన్ లెక్క ఎంట్రీ దశలోనే తప్పకుండా ఎలా చూసుకోవాలి?

కార్టన్‌కు 24 గాజు గ్లాసులు వచ్చే సరుకుకు 60 గ్లాసుల ఆర్డర్ నమోదైతే గోడౌన్‌లో ఏం జరుగుతుందో చూడండి. రెండు కార్టన్లు అలాగే బయటికి వెళ్తాయి, మూడోది విప్పవలసి వస్తుంది. విప్పిన కార్టన్‌లో మిగిలిన 12 గ్లాసులు, మీద 24 అని ముద్రించి ఉన్న పెట్టెలోనే అరలో ఉండిపోతాయి. తర్వాతి నిల్వ లెక్కింపులో ఎవరో ఆ పెట్టెను నిండు కార్టన్‌గా రాసుకుంటారు. దీన్ని ప్యాకింగ్ బల్ల దగ్గర సరిచేయబోవడం ఆలస్యమే, ఎందుకంటే అప్పటికి కొనుగోలుదారుకు 60 అని ధ్రువీకరణ వెళ్లిపోయి ఉంటుంది. కాబట్టి ఈ తనిఖీ ఆర్డర్ ఎంట్రీలోనే జరగాలి.

ఐటమ్ మాస్టర్‌ను సిద్ధం చేయడం

ప్రతి ఐటమ్‌కూ రెండు అంకెలు కావాలి: కనీస ఆర్డర్ పరిమాణం, అంటే వ్యాపారంలో అందరూ ఎంఓక్యూ అనేది, కార్టన్‌లో ఎన్ని పీసులు ఉంటాయన్నది. రెండింటినీ పీసుల్లోనే రాయండి. నిల్వ, ఆర్డర్, ఇన్‌వాయిస్ అన్నీ లోపల పీసుల్లోనే ఉండాలి. కార్టన్ల సంఖ్య తెర మీద చూపించడానికి మాత్రమే. ఈ విషయంలో మినహాయింపు ఇవ్వకండి. కార్టన్‌లోని పీసుల సంఖ్యను కేటలాగ్ చూసి కాకుండా, గోడౌన్‌లో ఉన్న పెట్టె మీది లేబుల్ చూసి నింపండి.

నిజమైన కనీస పరిమాణాన్ని లెక్కించడం

ఎంఓక్యూ 50, కార్టన్ 24 అయితే 50 గ్లాసులను ఎవరికీ అమ్మలేరు, ఎందుకంటే 50 అనేది 24కు గుణిజం కాదు. రెండు కార్టన్లు 48 అవుతాయి, అది కనీసానికి తక్కువ. అందువల్ల వాస్తవంగా అమలయ్యే కనీసం మూడు కార్టన్లు, అంటే 72. ఎక్సెల్‌లో ఎంఓక్యూ B2లో, కార్టన్ సంఖ్య C2లో ఉంటే లెక్క ఇంతే:

```
=CEILING(B2,C2)
```

ఇక్కడ చాలామంది మాస్టర్‌లోని 50ని చెరిపేసి 72 అని రాసేస్తారు. అలా చేయకూడదు. 50 అనేది వ్యాపార నిర్ణయం, 24 అనేది పెట్టె కొలత; 72 ఆ రెండింటి నుంచి పుట్టిన ఫలితం మాత్రమే. తయారీదారు రేపు 20 పీసుల కార్టన్‌కు మారితే కనీసం దానంతటదే 60కి దిగాలి. 72 అని రాసి పెట్టుకుంటే అది 80కి ఎగబాకుతుంది, ఎందుకు ఎగబాకిందో ఎవరికీ అంతుపట్టదు.

ఎంఓక్యూ అన్ని రంగులకూ కలిపి వర్తిస్తే, కార్టన్ గుణిజాన్ని ప్రతి రంగు వరుసకూ విడిగా చూసి, ఎంఓక్యూను వాటి మొత్తానికి చూడండి. నీలం 24, తెలుపు 24 కలిస్తే 48, చాలదు. ఏదో ఒక రంగులో ఇంకొక కార్టన్ చేరాలి.

ఎంట్రీ తెర

వెబ్ ఫారమ్ వాడేవారు సంఖ్య గడికి `min`, `step` పెట్టి పని అయిపోయిందనుకుంటారు. కానీ బ్రౌజర్ మెట్లను సున్నా నుంచి కాకుండా `min` నుంచి లెక్కిస్తుంది. `min="50" step="24"` అని రాస్తే ఆ గడి 50, 74, 98లను ఒప్పుకుంటుంది, 72ను తిరస్కరిస్తుంది. అంటే నిండు కార్టన్లు ఒక్కటీ లోపలికి రావు, విప్పవలసినవే వస్తాయి. సరైన రూపం ఇది:

```html
<input type="number" min="72" step="24">
```

ఈ గడిలో సున్నా చెల్లదు కనుక, వరుసను తీసివేయడానికి విడిగా ఒక బటన్ పెట్టండి.

సరిపోని సంఖ్యను ఏం చేయాలి?

పనంతా చెడేది ఇక్కడే, కాబట్టి దీన్ని నిదానంగా చదవండి. ఎంట్రీలో 80 అని వచ్చింది. చాలా సాఫ్ట్‌వేర్లు దాన్ని మారుమాట లేకుండా 96 చేసేస్తాయి. రాయించినవారు దాన్ని సౌకర్యం అంటారు. సరుకు అందుకున్నవారు అడగని 16 గ్లాసులను వెనక్కి పంపుతామంటారు. విప్పిన కార్టన్ బెడద తప్పించబోయి, వాపసు బెడదను కొనితెచ్చుకున్నట్లవుతుంది.

అంతకంటే ప్రమాదకరమైనది యూనిట్ పొరపాటు. ఎవరైనా 10 అని టైప్ చేస్తే వారి ఉద్దేశం పది పీసులు కావచ్చు, పది కార్టన్లూ కావచ్చు. టోకు కొనుగోలుదారుల్లో రెండో రకమే ఎక్కువగా కనిపిస్తారు. సాఫ్ట్‌వేర్ ఆ పదిని పీసులుగా తీసుకొని పైకి సవరిస్తే 72 అవుతుంది. వారికి కావలసినవి 240. తెర మీద తప్పు ఏమీ కనిపించదు, ఎందుకంటే 72 అన్ని నియమాలకూ లోబడిన సంఖ్యే. సరుకు చేరేవరకూ ఈ పొరపాటు బయటపడదు. అందుకే తనంతట తాను సవరించే తెరను నేను ఒప్పుకోను.

కొందరు దీనికి మందుగా, ఎంట్రీ మొత్తం కార్టన్లలోనే జరగాలంటారు. అప్పుడు గుణిజం తప్పే అవకాశమే ఉండదన్నది వారి వాదన. వినడానికి బాగానే ఉంటుంది. అయితే కొనుగోలుదారు పంపిన కాగితం మీద 300 పీసులు అని ఉంటే, ఎంట్రీ చేసే వ్యక్తి దాన్ని 24తో మనసులో భాగించి, పన్నెండున్నర వచ్చేసరికి, తోచినట్లు 12 అనో 13 అనో వేస్తారు. తప్పు పోలేదు, కంటికి కనిపించని చోటికి జరిగింది. 300 అడిగారన్న సంగతి ఎక్కడా నమోదు కాదు. కాబట్టి కాగితం మీద ఉన్నదాన్ని ఉన్నట్లుగా టైప్ చేయనివ్వడమే మంచిది.

నేను పెట్టించే తెరలో సంఖ్య పక్కనే పీసులు, కార్టన్లు అనే ఎంపిక ఉంటుంది, ముందుగా ఏదీ ఎంచి ఉండదు. ఎంచుకోగానే కింద ‘10 కార్టన్లు = 240 పీసులు’ అని కనిపిస్తుంది. సంఖ్య కుదరకపోతే, దానికి దిగువన ఉన్న చెల్లుబాటు సంఖ్యనూ ఎగువన ఉన్నదాన్నీ రెండు బటన్లుగా చూపాలి. 80కి 72, 96 చూపాలి. 60కి మాత్రం 72 ఒక్కటే చూపాలి, ఎందుకంటే దిగువన ఉన్న 48 కనీసానికి అందదు. ఈ చిన్న సంగతి మరచిపోయి 48ని చూపించే తెరలు, నొక్కగానే దాన్నే తిరస్కరించి మనిషిని విసిగిస్తాయి. ఎగువ సంఖ్యను చూపే ముందు నిల్వను కూడా చూడాలి: గోడౌన్‌లో 85 పీసులే ఉంటే 96ను వెంటనే అందే సంఖ్యగా చూపకూడదు.

ఈ రెండు బటన్లలో ఏదీ ముందుగా ఎంచి ఉండకూడదు, ఎంటర్ కీ నొక్కితే ఏదీ ఖరారు కాకూడదు. రోజంతా ఆర్డర్లు టైప్ చేసేవారి వేలు ఎంటర్ మీదే ఉంటుంది. తెర ఏం అడిగిందో చదవకముందే నొక్కేస్తారు. ఫోన్‌లో ఆర్డర్ ఇస్తున్నవారిని అడగవలసిన మాటలు కూడా బటన్ల పైనే రాసి ఉంచితే మంచిది: ‘80 కుదరదండీ. మూడు కార్టన్లయితే 72, నాలుగైతే 96. ఏది వేయమంటారు?’ అడిగిన సంఖ్యనూ ఒప్పుకున్న సంఖ్యనూ రెండు విడి గడుల్లో భద్రపరచాలి. వాపసు తగువు వచ్చిన రోజున ఆ మొదటి గడే సాక్ష్యం.

జవాబు వెంటనే రాకపోతే ఆ ఒక్క వరుసను పెండింగ్‌లో ఉంచి, మిగతా ఆర్డర్‌ను పూర్తి చేయనివ్వండి. మొత్తం ఆర్డర్‌ను ఆపేసే తెర ముందు కూర్చున్నవారు, ముందుకు సాగడానికి చెల్లే సంఖ్య ఏదో ఒకటి కొట్టేస్తారు.

సర్వర్‌లో, డేటాబేస్‌లో

తెర మీది తనిఖీ మనుషులకు సాయం మాత్రమే. ఫైల్ అప్‌లోడ్ ద్వారా వచ్చే ఆర్డర్లకు తెరే ఉండదు. ఎక్సెల్‌లో డేటా వాలిడేషన్ పెట్టినా, వేరే చోటి నుంచి కాపీ చేసి అతికించిన సంఖ్యను అది అడ్డుకోదు. కాబట్టి నియమం సర్వర్‌లో ఒకే చోట ఉండాలి, అన్ని దారులూ దాని గుండానే రావాలి. అలాగే ఆర్డర్ ఖరారైన నాటి కార్టన్ సంఖ్యను ఆ వరుసలోనే రాసి ఉంచండి. తర్వాత పెట్టె 20కి మారినా పాత ఆర్డర్ తప్పుగా కనిపించదు, పైగా డేటాబేస్‌లోనే కాపలా పెట్టవచ్చు:

```sql
ALTER TABLE order_lines ADD CONSTRAINT whole_cartons
CHECK (line_type <> 'SALE' OR qty % carton_qty = 0);
```

`carton_qty` ఖాళీగా ఉంటే ఈ షరతు అడ్డుకోకుండా వదిలేస్తుంది, కాబట్టి ఆ గడిని `NOT NULL` చేయడం మరవకండి. విరిగిన గ్లాసులకు బదులు పంపేవి, నమూనాలు వేరే `line_type` కింద వెళ్తాయి. వాటికి కార్టన్ లెక్క వర్తించదు. అమ్మకాల సిబ్బంది అందరికీ ‘నియమం దాటవేయి’ అనే బటన్ ఇవ్వడం కంటే ఈ పద్ధతి మేలు, ఎందుకంటే ఆ బటన్ ఉంటే దాన్ని వాడని రోజు ఉండదు.

నిల్వ చాలక 72లో 48 మాత్రమే పంపితే మిగిలిన 24కు ఎంఓక్యూ మళ్లీ చూడకూడదు. ఆ షరతు ఆర్డర్ ఇచ్చిన రోజే తీరింది. కార్టన్ గుణిజాన్ని మాత్రం ప్రతి కేటాయింపులోనూ చూడాలి.

పరీక్షించడం

ఎంఓక్యూ 50, కార్టన్ 24 ఉన్న ఐటమ్ మీద 48, 50, 71, 72, 74, 80, 96 వరుసగా వేసి చూడండి. 72, 96 తప్ప ఏవీ నేరుగా దాటకూడదు. 74 దాటితే `min` తప్పుగా పెట్టారని అర్థం. ఇవే సంఖ్యలను ఫైల్ ద్వారా కూడా పంపండి. చివరగా కార్టన్‌ను 20కి మార్చి, పాత 72ల ఆర్డర్‌ను ‘మళ్లీ ఆర్డర్ చేయి’ బటన్‌తో కాపీ చేయండి. కొత్త ఆర్డర్‌లో అది ఆగి, 60, 80 అనే రెండు బటన్లు కనిపించాలి. పాత ఆర్డర్ మాత్రం 72 దగ్గరే చెక్కుచెదరకుండా ఉండాలి.